రొట్టె పన్నెండు, కొసరుతో సహా

పొద్దుటి నుంచి శివలీలకు కుదురు లేదు. సోమవారం నుంచి జొన్నరొట్టె పది రూపాయలు కాదు, పన్నెండు. ఆ ముక్క వాట్సాప్ గ్రూపులో చెప్పాలి. ఆలూరులో ఆమె దగ్గర వాడుకగా రొట్టెలు తీసుకునే నూట పది ఇళ్లవాళ్లు అందులో ఉన్నారు. బస్టాండు దగ్గర మిషన్ రొట్టె ఎనిమిదికే దొరుకుతోంది. వీళ్లు అటు తిరిగారంటే పొయ్యి ఆర్పుకోవాల్సిందే.

చివరికి ధైర్యం చేసి పెట్టింది: 'గౌరవనీయులైన కస్టమర్లకు, నాణ్యత మెరుగుపరచడం కోసం ధరలు సవరించడమైనది.'

రొట్టె తడుతున్న అత్త గిడ్డమ్మకు చదివి వినిపించింది.

"ఏందే, కరెంటాఫీసు నోటీసా? నాణ్యత పెంచుతామంటే, ఇన్నాళ్లు నేను చేసింది బాగలేదనా?"

శివలీల వెంటనే తీసేసింది. మళ్లీ పెట్టింది: 'తప్పనిసరి పరిస్థితుల్లో, మనసు చంపుకుని...' ఎవరో పోయినట్టుంది. అదీ తీసేసింది. తీసేసినట్టు గ్రూపులో రెండు గుర్తులు మిగిలిపోయాయి.

"అత్తా, రేటు మాటెత్తకుండా పది రొట్టెలకు ఒకటిచ్చే కొసరు ఆపేద్దామా? ఎవురూ లెక్కబెట్టరు."

గిడ్డమ్మ చేతిలోని ముద్ద పళ్లెంలో పడేసింది. "చెప్పి పెంచితే యాపారం. చెప్పకుండా తగ్గిస్తే దొంగతనం."

శివలీలకు సిగ్గేసింది. ఇంతలో ఫోన్ మోగింది. మొదటి నుంచీ రొట్టెలు తీసుకుంటున్న రిటైర్డ్ టీచర్ రంగన్న.

"ఏమ్మా, రెండుసార్లు పెట్టి తీసేస్తివి. రొట్టెలు మానేస్తాండారా?"

"లేదు సార్, ఈడనే ఉండాం. ఇప్పుడే పెడతా," అంది. ఆయన గొంతులోని కంగారు విన్నాక ఆమె కంగారు కాస్త తగ్గింది.

"నువ్వు చెప్పత్తా, నేను రాస్తా."

అత్త చెప్పింది చెప్పినట్టే రాసింది: 'జొన్నలు, కట్టెలు శానా పిరమైనాయి. సోమవారం నుంచి రొట్టె పన్నెండు రూపాయలు. ఆదివారం లోపల చెప్పినోళ్లకు పదే. సైజు తగ్గదు. పదికి ఒకటి కొసరు ఎప్పట్లాగే. గిడ్డమ్మ, శివలీల.'

గ్రూపులో ఒక్కొక్కరే చూస్తున్నారు. జవాబు లేదు. శివలీల వాకిట్లోకి వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. పావుగంట నరకం.

ముందు రంగన్న సార్ పెట్టాడు: 'సోమవారానికి ఇరవై రొట్టెలు. పన్నెండు లెక్కనే. కొసరు వద్దమ్మా.' వెనకాలే మరో ఐదుగురు: 'మాకూ కొసరు వద్దు.'

శివలీలకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మురిసిపోతూ అత్తకు చదివింది. గిడ్డమ్మ మాత్రం కస్సుమంది.

"కొసరొద్దంటే బస్టాండు కాడికే పొమ్మను. లెక్క చూసి అమ్మేది ఆడ."

శివలీల కళ్లు తుడుచుకుని, నవ్వుతూ, ఆ మాట కూడా మార్చకుండా గ్రూపులో పెట్టేసింది. ఈసారి తీసేయలేదు.