మాటల్లో మాటగా

ఇంటర్వ్యూ బాగా జరిగితే ఒక బాధ, బాగా జరక్కపోతే ఒక బాధ. బాగా జరిగిపోయి, ఆ తర్వాత ఎవరూ ఉలకకపోతే, పలకకపోతే? ఆ బాధ ఏమిటో కంట్రోలక్కని అడగాలి.

ఆమెకి ఇంట్లో ఓ పేరు, రికార్డుల్లో ఓ పేరు ఉన్నాయిగానీ లిఫ్టుల కంపెనీ కంట్రోల్ రూములో పని కాబట్టి మెకానిక్కులందరికీ ఆమె కంట్రోలక్కే. ఊళ్ళో ఏ లిఫ్టు ఆగిపోయినా ముందు మోగేది ఆమె ఫోను. లోపల ఇరుక్కున్నవాళ్ళు ఏడుస్తారు, తిడతారు, తలుపులు గుద్దుతారు. ఈవిడ మాత్రం "తలుపు లాగొద్దండీ, నేను లైన్లోనే ఉన్నాను" అంటూ ఓ చెవితో వాళ్ళని ఊరుకోబెట్టి, రెండో చెవితో దగ్గర్లో ఉన్న మెకానిక్కుని పరుగెత్తిస్తుంది. ఆరేళ్ళుగా ఇదే పని. పని మీద కోపం లేదు. కానీ కొత్తవాళ్ళు వచ్చినప్పుడు, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఈ విద్య నేర్పే ఆ కాసిని గంటలున్నాయి చూశారూ, అవే ఆమెకి పండగ. అలాంటిది ట్రైనింగ్ విభాగంలో ఖాళీ పడిందని నోటీసు వస్తే ఊరుకుంటుందా? అప్లై చేసింది.

రూలు ప్రకారం ముందుగా తన మేనేజరుకి చెప్పింది కూడా. ఆయన్ని అందరూ కెప్టెన్ అంటారు. మనిషి మంచివాడే, వెన్న. కాకపోతే అలక ఎక్కువ. అలిగితే అరవడు, అరిస్తే బాగుండును. అప్పటిదాకా "ఏం అమ్మాయ్, నువ్వు" అన్నవాడు హఠాత్తుగా "ఏమండీ, మీరు" అంటాడు. ఆ మర్యాద మీద పడిందంటే ఇక నెలరోజులు గాలాడదు. వేరే విభాగానికి మారిపోతూ తనతో ముందు ఒక్క మాటైనా అనని ఓ ఇంజనీరుకి, చివరిరోజున తలుపు తెరిచి పట్టుకుని మరీ "దయచేయండి" అన్నాడట. ఆ ఇంజనీరు ఇప్పటికీ ఆ మాట తలుచుకుని ఉలిక్కిపడతాడు.

కంట్రోలక్క చెప్పినప్పుడు మాత్రం "వెళ్ళు, ఇంటర్వ్యూ ఇవ్వు" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఆయనా ఎత్తలేదు, ఈవిడా ఎత్తలేదు. ఇంటర్వ్యూ బాగానే అయింది, ట్రైనింగ్ హెడ్ మేడం "రెండు వారాల్లో తెలుస్తుంది" అని నవ్వుతూ పంపింది. రెండూ దాటాయి, మూడో వారమూ దాటింది.

వాళ్ళ కంపెనీలో పద్ధతి ఏమిటంటే, మనిషిని ఎంపిక చేశాక హెచ్‌ఆర్ వాళ్ళు ముందు పాత మేనేజరుని అడుగుతారు, ఎప్పుడు వదులుతారని. ఆయన వద్దనడానికి లేదు, కానీ రెండు నెలల లోపు ఏదో ఒక తేదీ ఇవ్వాలి. ఆ తేదీ చేరేదాకా ఎంపికైన మనిషికి ఒక్క ముక్క చెప్పరు. అంటే ఈ నిశ్శబ్దానికి రెండు అర్థాలు. ఆమె ఎంపిక కాలేదు, లేదా కాగితం కెప్టెన్ దగ్గర ఆగింది. మొదటిదైతే అడిగి తెలుసుకుంటే మనసు కుదుటపడుతుంది. రెండోదైతే, హెచ్‌ఆర్‌ని అడగడమంటే కెప్టెన్ మీద చాడీ చెప్పినట్టే. అడక్కపోతే, ఈవిడకి ఆసక్తి లేదనుకుని ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంట్లో దీని మీద పెద్ద సభే జరిగింది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే భర్త హెచ్‌ఆర్‌కి ఓ మెసేజి రాసిచ్చాడు. "తమరి అమూల్య సమయాన్ని వృథా చేస్తున్నందుకు క్షంతవ్యురాలిని" అని మొదలైంది. అది పూర్తయ్యేసరికి కూర మాడింది.

"ఇది మెసేజా, శరణాగతా?" అంది అత్తగారు. "అడగందే అమ్మైనా పెట్టదే. నేరుగా అడుగు. ఆ కెప్టెన్‌కి ముందు చెప్పి మరీ అడుగు."

"ఆయన అలుగుతారత్తయ్యా."

"అలిగితే నీ సొమ్మేం పోయింది? కాపురం చేస్తున్నావా ఆయనతో?"

భర్త పొలమారి దగ్గాడు. కంట్రోలక్క నవ్వింది కానీ అత్తగారి మాట వినలేదు. వినుంటే ఈ కథే లేదు. తెలివైనవాళ్ళు చేసే పొరపాటే చేసింది. నేరుగా అడగకుండా రాయబారం పంపింది.

రాయబారి ఎవరయ్యా అంటే, బాబాయ్. అంటే అందరికీ బాబాయే, ముసలి మెకానిక్కు. పనిలో మొనగాడు, నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి తెలిసీ ఎందుకు పంపిందంటే, స్పేర్ పార్టుల కోసం ఆయన ఆరోజు ట్రైనింగ్ సెంటరు వైపే వెళ్తున్నాడు. అవసరం కళ్ళకి గంతలు కడుతుంది.

"బాబాయ్, వీలైతే ఆ హెడ్ మేడంని మాటల్లో మాటగా కదపండి, నా ఇంటర్వ్యూ సంగతి. నేనడిగానని మాత్రం అనొద్దు."

"అబ్బే, నాకు చెప్పాలా తల్లీ!" అన్నాడు బాబాయ్.

హెడ్ మేడం సీట్లో లేదు. ఆవిడ ఆఫీసు చూసే గుమాస్తా క్యాంటీనులో కనిపించాడు. బాబాయ్ పదిమంది మధ్య నిలబడి, లిఫ్టు గుంతలోంచి పైకి కేకేసే గొంతుతో, "మా కంట్రోలక్క ఇంటర్వ్యూ ఏమైందయ్యా? ఆ పిల్ల అడిగిందని నీకు చెప్పొద్దంది!" అన్నాడు. ఇంకేముంది. గుమాస్తాకి కెప్టెన్ పాత స్నేహితుడు. టీ గ్లాసు కింద పెట్టకముందే ఫోను కొట్టాడు. "మీ అమ్మాయికి అక్కడ ఊపిరాడట్లేదటగా, ఎప్పుడు పారిపోదామా అని చూస్తోందట!"

ఊపిరాడట్లేదని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. మాట నాలుగు నోళ్ళు మారితే కొమ్ములూ తోకా వాటంతటవే మొలుస్తాయి.

మధ్యాహ్నం కెప్టెన్ కంట్రోల్ రూములోకి వచ్చాడు. "ఏమండీ, నిన్నటి కాల్స్ వివరాలు మీరు పంపగలరా?" అన్నాడు.

పక్క సీటు అమ్మాయి హెడ్‌సెట్ తీసేసి మరీ చూసింది. కెప్టెన్ తన గదిలోకి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపేసుకున్నాడు. ధడాల్న వేసినా బాగుండేది.

క్యాంటీనులో బాబాయ్ వేసిన కేకా, గుమాస్తా ఫోనులో అన్న ఊపిరాడని మాటా అప్పటికే కంపెనీ అంతా పాకాయని ఆ అమ్మాయే చెప్పింది. కంట్రోలక్కకి ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఎవరి మీద? బాబాయ్ మీదా, గుమాస్తా మీదా, అందరికంటే ఎక్కువ తన మీద. ఆయన నొచ్చుకోకూడదని ఇన్నాళ్ళూ కక్కలేక మింగలేక తిరిగింది, చివరికి ఆ జాగ్రత్తే ఆయన్ని నొప్పించింది. ఇక దాచడానికి ఏముంది? ఫోను తీసి, భర్త రాసిందంతా చెరిపేసి, తనే రాసింది. "ట్రైనింగ్ విభాగంలో పోస్టుకి ఇంటర్వ్యూ ఇచ్చాను. నాకు ఆ పని మీద ఇంకా ఆసక్తి ఉంది. విషయం ఎంతవరకు వచ్చిందో, ఎప్పటికి తెలుస్తుందో చెప్పగలరా? ఇలా అడుగుతున్నట్టు మా మేనేజరుకి తెలుసు." చివరి వాక్యం ఇంకా నిజం కాలేదు. దాన్ని నిజం చేయడానికి లేచింది.

"రండి, కూర్చోండి," అన్నాడు కెప్టెన్.

"కూర్చోను సార్. ముందు నా మాట వినండి. బాబాయ్‌ని పంపింది నేనే, తప్పు నాదే. ఇక్కడ ఊపిరాడట్లేదని మాత్రం నేననలేదు. ఆరేళ్ళలో ఒక్కరోజు కూడా అలా అనుకోలేదు. కానీ ఆ ఉద్యోగం నాకు కావాలి. చాలా కావాలి. అదేమైందో హెచ్‌ఆర్‌ని అడుగుతూ ఇది రాశాను. మీకు చూపించి పంపుదామని వచ్చాను."

ఆయన ఫోను తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. నాలుగు లైన్లకి అంతసేపు పట్టదు.

"ఇది పంపక్కర్లేదు," అన్నాడు.

"సార్, నేను..."

"అది కాదు అమ్మాయ్." కంప్యూటర్ స్క్రీను ఆమె వైపు తిప్పాడు. హెచ్‌ఆర్ నుంచి వచ్చిన మెయిలు. ఫలానా ఉద్యోగిని ఎంపికయ్యారు, ఎప్పుడు వదలగలరో తెలపండి. కింద ఇంకోటి, గుర్తు చేస్తూ. దాని కింద మరోటి, ఈ వారాంతంలోగా జవాబు రాకపోతే రెండో అభ్యర్థిని పిలవాల్సి ఉంటుందని.

ఎంపికైంది! ఆ సంతోషం పూర్తిగా అందకముందే రెండో సంగతి తట్టింది. ఈయన దగ్గరే ఉంది. ఇన్నిరోజులూ ఈయన దగ్గరే ఉంది.

"నేను రోజూ మీ తలుపు ముందునించే వెళ్తున్నాను సార్," అంది. "రోజూ. రాత్రుళ్ళు నిద్రపట్టక మా ఆయన్ని లేపి, నేను ఇంటర్వ్యూలో ఏం తప్పు చెప్పానో అని అడిగాను."

కెప్టెన్ కళ్ళద్దాలు తీసి తుడిచాడు. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు. "సాయంత్రం షిఫ్టుకి నీ తర్వాత ఎవరూ లేరు. ఎవర్నైనా వెతికి, వాళ్ళ పేరు రాసి, అప్పుడు తేదీ ఇద్దామనుకున్నా. రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకున్నా. నువ్వూ మళ్ళీ అడగలేదు. అంత అవసరం లేదేమోలే అని సర్దిచెప్పుకున్నా." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "అదీ అబద్ధమే. నిన్ను వదలడం నాకిష్టం లేదు. అంతే."

ఇంత సూటిగా మాట్లాడే మనిషని ఆమెకి ఇన్నేళ్ళూ తెలీదు. కోపం పోలేదు కానీ, దాన్ని నిలబెట్టుకోవడం కష్టమైంది.

"పక్క సీటు అమ్మాయికి నేర్పుతాను సార్. నెల చాలు. సగం వచ్చేసింది దానికి. నిన్న ఇద్దరు ఇరుక్కుంటే తనే బయటికి తీయించింది, మీరు చూడలేదు."

"నెలే?"

"నెలే. అది తడబడితే అక్కణ్ణించి వచ్చి చూసి వెళ్తాను, హెడ్ మేడం ఒప్పుకుంటే."

కెప్టెన్ రెండు వేళ్ళతో టైపు చేశాడు. వచ్చే నెల మొదటి సోమవారం, అని తేదీ. రెండు నెలలు తీసుకునే హక్కుండీ నాలుగు వారాలే అడిగాడు. దాని కింద, ఈవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ ఇంతవరకు ఉద్యోగం మానలేదు, అని ఓ వాక్యం తనంతట తానే కలిపాడు. పంపేశాడు.

ఆమె తన సీట్లోకి వచ్చి కూర్చుందో లేదో ఫోను మోగింది. లిఫ్టు కాల్ కాదు. ట్రైనింగ్ హెడ్ మేడం.

"ఏమమ్మా, హెచ్‌ఆర్ ఇప్పుడే చెప్పారు!" గొంతు గట్టిది, గదంతా వినిపిస్తోంది. "ఇన్నాళ్ళు మీ దగ్గర్నించి చప్పుడు లేకపోతే మనసు మార్చుకున్నారేమో అనుకున్నా. రేపు ఇంకొకరితో మాట్లాడబోతున్నా. ఒక్కసారి అడగొచ్చుగా? ఎక్కడ ఆలస్యమైంది?"

కంట్రోలక్క తలెత్తింది. కెప్టెన్ తన గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పక్క సీటు అమ్మాయి, పార్టులతో తిరిగొచ్చిన బాబాయ్, మరో ఇద్దరు మెకానిక్కులు అక్కడే ఉన్నారు. నిజం చెప్పేస్తే తీరిపోతుంది. ఆ నిద్రలేని రాత్రులకి బదులు తీరిపోతుంది.

"నేనే అడగలేదు మేడం," అంది. "మొహమాటపడ్డాను. తప్పు నాదే."

కెప్టెన్ నాలుగు అడుగుల్లో వచ్చి ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"మేడం, నేను," అన్నాడు, అందరూ వింటుండగా. "ఆమె తప్పేం లేదు. మెయిలు నా దగ్గరే ఉంది. నేనే తొక్కిపెట్టాను."

బాబాయ్ నోరు కూడా, ఆశ్చర్యం, మూసుకునే ఉంది. కెప్టెన్ ఫోను తిరిగి ఇచ్చి, ఎర్రబడ్డ చెవులతో తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఈసారి తలుపు వేసుకోలేదు.