టెస్టరు వెలగకపోతే

పక్కింటి తాయారు భారతితో చెప్పిందట. భారతి అన్నం వడ్డిస్తూ ఆ మాట మొగుడి చెవిన వేసింది. తాయారు కన్నవారిది కోటబొమ్మాళి దగ్గరి పల్లె. ఆ ఊళ్ళో మరిడమ్మ కొడుకు వినోద్ కరెంటు కొట్టి పోయి ఏడాది దాటింది. వాడి చేతిలో దొరికిన టెస్టరుని ఆ తల్లి దీపం పక్కనే పెట్టుకుందట. సాయంత్రం దీపం ముట్టించే వేళకి టెస్టరులోని బుడ్డి బల్బు దానంతటదే ఎర్రగా వెలుగుతాదట. పిల్లడు ఎవర్నో అడగాల్సింది ఉండిపోయింది, అది అడిగేదాకా ఇల్లు వదలడు అని ఊరు ఊరంతా అంటన్నారట.

గణపతిరావు పప్పన్నంలో పెట్టిన చెయ్యి పైకి తియ్యలేదు.

"కరెంటు తగలందే టెస్టరు వెలగదే" అన్నాడు.

నేనన్నానేటి, తాయారన్న మాట చెప్పానంటూ భారతి మజ్జిగ గిన్నె ముందుకు జరిపింది. మొగుడి మొహం చూసి మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

గణపతిరావు నరసన్నపేటలో కాపురముంటూ, సర్కారు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చూసే ఆఫీసరు. పరీక్షల రోజుల్లో వేరే ఐటీఐలకి ఎగ్జామినరుగా పంపుతారు. అక్కడ అతని చేతికి ఒక చెక్‌లిస్టు ఇస్తారు. పిల్లలు పని చేస్తుంటే దగ్గర నిలబడి, కళ్ళారా చూసినదానికే టిక్కు పెట్టాలి. ఆ తర్వాత భద్రత మీద నాలుగు నోటి ప్రశ్నలు వెయ్యాలి.

రెండేళ్ళ కిందట, కోటబొమ్మాళి వైపు ఒక ప్రైవేటు ఐటీఐలో వినోద్‌కి పరీక్ష పెట్టింది అతనే. మధ్యాహ్నం రెండు దాటింది. ఇంకా పదకొండు మంది ఉన్నారు. కడుపులో ఆకలి కరకరలాడుతోంది. వినోద్ చెయ్యి చురుకు. వైరింగు ముగ్గేసినట్టు వేశాడు. 'సప్లై పోయిందని పరీక్షించి నిర్ధారించుకున్నాడా' అన్న గడిలో గణపతిరావు చూడకుండానే టిక్కు పెట్టేశాడు. నోటి ప్రశ్నల్లో మాత్రం అడిగాడు, టెస్టరు వెలగలేదంటే అర్థం ఏటని.

"కరెంటు లేదని సార్" అన్నాడు వినోద్, తడుముకోకుండా.

గణపతిరావు తలూపి రైటు కొట్టాడు. అది సగం జవాబేనని అతనికి తెలుసు. సగం జవాబుతో ఈ ట్రేడులో మనిషి పోతాడనీ తెలుసు. ఆ పూట ఆకలికి అదేదీ గుర్తు రాలేదు.

ఎనిమిది నెలలకి పేపర్లో ఒక చిన్న వార్త. పొలంలో మోటారు రిపేరుకి పోయిన ఎలక్ట్రీషియన్ వినోద్ మృతి. ఫీజులు తీసేశానని రైతు చెప్పాడు. తీసినవి పక్క మోటారువి. కుర్రాడు టెస్టరు పెట్టాడనీ, అది వెలగలేదనీ, ధైర్యంగా చెయ్యి పెట్టాడనీ ఆ రైతే చెప్పాడు.

ఆ రోజు మొదలు గణపతిరావు ఇంట్లో ఏ స్విచ్చి ఆపినా వెనక నుంచి ఆ గొంతు వినిపిస్తుంది, కరెంటు లేదని సార్ అంటూ. ఫ్యాను ఆపితే రెక్కలు నిలిచేలోగా ఒకసారి. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకితే ఒకసారి. తను చూడకుండా టిక్కు పెట్టిన సంగతి తనకీ ఆ కాగితానికీ తప్ప లోకంలో ఎవరికీ తెలీదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడుగుతారన్న భయం మాత్రం చొక్కా వేసుకున్నట్టు రోజూ అతని ఒంటి మీదే ఉంటోంది.

ఈ ఏడు మళ్ళీ అదే ఐటీఐకి వేశారు. జాబితాలో తొమ్మిదో పేరు రేఖ. ఇంటిపేరు చూస్తే వినోద్‌దే.

ఇన్‌స్ట్రక్టరు ఉమాశంకర్ గేటు దగ్గరే చెవిలో వేశాడు. వినోద్ చెల్లెలట. బ్యాచికంతటికీ ఒక్కతే ఆడపిల్లట. తల్లి వద్దని తల కొట్టుకున్నా వచ్చి చేరిందట. కాస్త చూసి టిక్కులు పెట్టేయండి సార్, పాపం అన్నాడు. గణపతిరావు కూడా ఇంటి దగ్గర బయల్దేరినప్పుడే అలా టిక్కులు పెట్టేద్దామనే అనుకున్నాడు.

మోటారు పేనెల్లో పాత స్టార్టరు విప్పి కొత్తది బిగించడం ఆమె పని. రేఖ బూట్లు వేసుకుంది. కటింగ్ ప్లేయరు పిడి ఎక్కడైనా పగిలిందేమో తిప్పి చూసుకుంది. పేనెల్ మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది. 'పని జరుగుతున్నది' అన్న బోర్డు తగిలించింది. గణపతిరావు పెన్ను ఆమె చేతుల కంటే ముందు నడుస్తోంది. నిర్ధారణ గడిలోనూ టిక్కు పడింది.

అప్పుడు జేబులోంచి టెస్టరు తీసింది. పసుప్పచ్చ పిడి, పాతది. పిడి మీద సూదితో గీసిన 'వి' అక్షరం.

గణపతిరావు పెన్ను ఆగింది.

ఆమె పేనెల్ దగ్గరికి వెళ్ళలేదు. గోడ మీది సాకెట్ దగ్గరికి వెళ్ళి టెస్టరు పెట్టింది. వెలగలేదు. ఆ బోర్డు మీదే పక్క సాకెట్లో టేబులు ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"అందులో కరెంటు ఉన్నాదమ్మా, ఫ్యాను సూడు" అన్నాడు ఉమాశంకర్.

"ఉన్నాదని తెలిసే పెట్టినాను సార్. టెస్టరే సచ్చిపోనాది" అని దాన్ని బల్ల మీద పెట్టేసి, మీటరు అడిగి తీసుకుంది. ముందు సాకెట్లో పెట్టి చూసింది, రెండొందల ముప్ఫై దగ్గర చూపించింది. అప్పుడు పేనెల్లో మూడు ఫేజులూ ఒకదానితో ఒకటీ, ఒక్కొక్కటీ ఎర్తుతోనూ చూసింది, అంతా సున్నా. మళ్ళీ వెనక్కొచ్చి సాకెట్లో చూసుకుంది, మీటరు ఇంకా బతికే ఉందా అని. స్క్రూడ్రైవరు కోసం బల్ల దగ్గరికొచ్చి కాగితం వైపు ఒక్కసారి చూసింది.

"నేను సేయకముందే టిక్కెట్టేసినారేటి సార్?"

ఉమాశంకర్ దగ్గాడు. గణపతిరావు ఆ టిక్కు కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేసి, కొత్తగా టిక్కు పెట్టాడు. ఒక్క గడి దిద్దడానికి అంతసేపు పట్టింది.

ఆ తర్వాత ఆమె స్టార్టరు బిగించింది, ఎర్తు కలిపింది, మెగ్గరు మీటరుతో తీగల ఇన్సులేషను చూసింది, అతన్ని అడిగి తాళం తీసి సప్లై ఇచ్చింది. మోటారు తిరిగింది. నోటి ప్రశ్నలకి కూర్చుంది. మనిషి తీగకి అతుక్కుంటే ముందు సప్లై ఆపాలని, చేత్తో ముట్టకూడదని చెప్పింది. పేనెల్ అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదని చెప్పింది. మూడు అడిగి గణపతిరావు పెన్ను మూసేశాడు.

నాలుగోది ఉన్నాది కదా సార్ అంది రేఖ.

అడగక తప్పలేదు. "టెస్టరు వెలగలేదు. అర్థం ఏటి?"

"కరెంటైనా లేదు, టెస్టరైనా పాడైపోనాది. ముందు కరెంటున్న సోట పెట్టి సూసుకోవాల, తరవాతా సూసుకోవాల."

గణపతిరావు రైటు కొట్టాడు. బల్ల మీది టెస్టరు వైపు చూపు పోకుండా ఆపుకోలేకపోయాడు. నెమ్మదిగా, మీ అమ్మ దగ్గర ఇది సాయంత్రం పూట వెలుగుతాదంటారు నిజమేనా అని అడిగాడు.

అది దీపం ఎలుగు సార్, గాజులో పడతాది, అమ్మకి సెప్పినా ఇనదు అంది రేఖ.

"మరి పాడైపోయిందని తెలిసీ పరీక్షకెందుకు తెచ్చినావమ్మా?"

రేఖ టెస్టరు తీసి జేబులో పెట్టుకుంది.

"కరెంటు లేదనంటే సారు రైటు కొట్టినారని ఆ రోజు మా అన్నయ్య ఈదంతా సెప్పుకున్నాడు. అది రైటనుకునే సచ్చిపోనాడు సార్."

ఫ్యాను తిరుగుతూనే ఉంది.