ఎక్స్.వై.జడ్. జ్వరం

పాకిస్తాన్‌లోని సర్గోధాలో ఒక కాలేజీ హాల్లో కూర్చుని ఇంటర్ మొదటి సంవత్సరం ఇంగ్లిషు పేపర్లు దిద్దుతున్నాను. అనారోగ్యానికి సెలవు కోరుతూ ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు రాయమన్నారు, పది మార్కులు. పొద్దుటి నుంచి చూసిన అరవై మందికీ నిన్న రాత్రే జ్వరం వచ్చింది. అరవై మందికీ డాక్టరు రెండు రోజుల విశ్రాంతే చెప్పాడు. వీళ్లంతా బట్టీపట్టిన గైడు రాసినవాడు కనిపిస్తే నాలుగు తన్నాలనిపించింది.

అరవై ఒకటో పేపరు వేరేగా ఉంది. ‘అయ్యా, ఈ ఉదయం బస్సులో రెండుసార్లు వాంతి అయింది. ఇప్పుడూ ఒళ్లు కాలిపోతోంది. పరీక్ష మానేస్తే ఏడాది పోతుందని మా అబ్బాజాన్ పంపారు. దయచేసి సెలవు ఇప్పించండి.’

చిరునామా, విషయం, సంబోధన, తేదీ అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయి. కింద ఎక్స్.వై.జడ్. అని ఉంది. పరీక్షలో ఎవరూ అసలు పేరు రాయకూడదు. రోల్ నంబరున్న చీటీని బోర్డువాళ్లు ముందే చింపేశారు.

హెడ్ ఎగ్జామినర్ తుఫైల్ సాహెబ్‌కు చూపించాను. "సాహెబ్, ఈ పిల్లాడికి నిజంగానే జ్వరం."

"ఫార్మాట్ సరిగ్గా ఉందా మేడమ్?"

"ఉంది."

"మరి మార్కులు వెయ్యండి. మందులిమ్మని పిలిచారా మనల్ని?"

ఒళ్లు మండింది. పదికి పది వేసి పేజీ తిప్పాను.

ఆ తర్వాతి పేజీలన్నీ ఖాళీ. ఎవరూ మంజూరు చెయ్యని సెలవు, తనే తీసుకున్నాడు.