సగం కప్పు పాలు

ఆ ఇంట్లో కాఫీకి శిక్ష పడి ఏడాది దాటింది. నేరం, టీచరమ్మ మణికట్టు విరగ్గొట్టడం. సాక్షులు లేరు, వాదోపవాదాలు లేవు. తీర్పు చెప్పింది కూతురు.

జరిగింది నిజానికి చిన్న ప్రమాదం. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన టీచరమ్మ తడి నేల మీద జారి, పడకుండా చెయ్యి ఆనించింది. కుర్రవాళ్లయితే దులుపుకుని లేచేవాళ్లు. ఆవిడ మణికట్టు మాత్రం పుల్లలా విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టి, స్కాన్ తీసి, ఎముకలు పలచబడ్డాయని చెప్పారు. కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. కాఫీ ఒంట్లో కాల్షియాన్ని మూత్రంలో బయటికి పంపేస్తుందని ఆమె ఎక్కడో చదివింది. అంతే, మర్నాటికి కాఫీ పొడి డబ్బా మాయమైంది. కాఫీ లేని ఇంటికి పాలెందుకని పాల ప్యాకెట్లూ ఆపించేసింది. టీచరమ్మకు ఉత్తి పాలంటే పుట్టిన దగ్గర్నుంచీ డోకు, పెరుగు వాసన కూడా పడదు. కాబట్టి ఆ ఇంట్లో పాల కోసం ఎవరూ బెంగ పెట్టుకోలేదు.

ఆవిడ బెంగంతా సాయంత్రం నాలుగు గంటల మీద.

భర్తది గడియారాలు బాగుచేసే పని. ఇంటి ముందు గదే దుకాణం. కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుంటే ఆయన ఒక మాటకు జవాబు చెప్పడానికి పూట పట్టేది. కానీ నాలుగైతే గోడ మీది గడియారాలు ఒకదాని వెనక ఒకటి గంటలు కొట్టేవి. ఏ రెండూ ఒకేసారి కొట్టిన పాపాన పోలేదు. ఆ గోల ముగిసేలోగా భూతద్దం బల్ల మీద పెట్టి ఆయనే వంటింట్లోకి వచ్చేవాడు. పాలు పొంగనిచ్చి, కప్పులో సగం దాకా పోసి, మిగతా సగం చిక్కటి డికాషన్‌తో నింపేవాడు. బల్లకు చెరోవైపూ కూర్చునేవారు. ఇక ఆయనకు నోరు తెరుచుకునేది. ఏ గడియారంలో ఏ పురుగు దూరింది, ఎవరు వాచీ ఇచ్చి మళ్లీ మొహం చూపించలేదు, అన్నీ ఆ ఒక్క గంటలోనే చెప్పేవాడు. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో వాళ్లు మాట్లాడుకున్న మాటల్లో ముప్పాతిక వంతు ఆ బల్ల దగ్గరివే.

ఇప్పుడు నాలుగు కొట్టగానే ఆయన చెప్పులేసుకుని వీధి చివరి కాఫీ బడ్డీకి పోతున్నాడు. ఆమె ఎదురుగా తాగి ఊరించడం ఇష్టం లేదని మొదట్లో ఒకసారి అన్నాడు. ఆ తరువాత అది కూడా అనలేదు. టీచరమ్మ ఖాళీ బల్ల ముందు కూర్చుని, ఎదుటి కుర్చీ వీపు మీద అరిగిన రంగును చూసేది. కాఫీ వాసన కోసం కాదు ఆ ఆరాటం. ఆ వాసనతో పాటు వచ్చే మనిషి కోసం. పక్క గదిలోనే పడుకునే మొగుడి మీద ఇంత బెంగేమిటని తనకే నవ్వొచ్చేది. నవ్వినంత మాత్రాన బెంగ తగ్గేది కాదు.

ఏడాది గడిచాక మళ్లీ స్కాన్ తీశారు. ఎముకలు ఇంకాస్త పలచబడ్డాయి. డాక్టరు ఎముకలకు మందు రాసి, ఆహారం సంగతి చూడమని డైటీషియన్ దగ్గరికి పంపాడు. కాల్షియం బిళ్లలు మలబద్ధకం తెస్తున్నాయని టీచరమ్మ అప్పటికే మానేసింది. ఆ మాట కూతురికి ఇప్పుడే తెలిసింది. గదిలోకి వెళ్లేదాకా ఒకటే సణుగుడు.

డైటీషియన్ వయసులో చిన్నది, పనిలో నిదానం. నిన్న నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఏం తిన్నారో, ఏం తాగారో వరసగా చెప్పమంది. టీచరమ్మ చెప్పింది. ఆ తరువాత, ఏడాది కిందట ఎలా తినేవారని అడిగింది.

టీచరమ్మ నోరు తెరవబోయేలోగా కూతురు అందుకుంది. అప్పట్లో అమ్మ రోజుకు మూడు కప్పుల కాఫీ లాగించేదనీ, తనే గట్టిగా మాన్పించాననీ గర్వంగా చెప్పింది.

డైటీషియన్ చేతిలో పెన్ను ఆగింది.

"పాలతోనా, పాలు లేకుండానా?"

"సగం కప్పు పాలేనమ్మా," అంది టీచరమ్మ. "మా ఆయన చేతి కొలత అది."

"కాఫీ మానేశాక పాలు వేరేగా తాగుతున్నారా?"

"ఉత్తి పాలు, పెరుగు నాకు పడవమ్మా," అంది టీచరమ్మ.

డైటీషియన్ మెల్లగా విడమరిచింది. కాఫీ వల్ల కాల్షియం పోయే మాట నిజమే. కానీ కప్పుకు పోయేది చాలా కొంచెం. ఒకటి రెండు చెంచాల పాలు కలిపితే ఆ లోటు పూడిపోతుంది. తిండిలో కాల్షియం తక్కువైన పెద్దవాళ్లు పాలు లేని కాఫీ కప్పు మీద కప్పు తాగినప్పుడు జాగ్రత్త పడాలి. ఈవిడ కప్పులో పోయినదానికి ఎన్నో రెట్లు వచ్చి చేరేది. పాలు, పెరుగు ముట్టని మనిషికి రోజు మొత్తంలో దొరికే కాల్షియంలో పెద్ద భాగం ఆ మూడు కప్పుల్లోనే ఉండేది.

కూతురి మొహం పాలిపోయింది. "అంటే అమ్మ ఎముకలు నేనే…"

"అలా అనుకోకండి. వయసుతో ఎముక ఎలాగూ తరుగుతుంది. పాలు ఒక్కటే దాన్ని ఆపలేవు. మందు వాడాలి, నడవాలి, కాస్త ఎండ తగలాలి. కానీ ఉన్న ఒక్క దారీ మూసుకోవడం దేనికి? రోజుకు రెండు మూడు కప్పులు తాగనివ్వండి. పాలు మాత్రం తగ్గించొద్దు."

"దొంగను పట్టుకోబోయి కాపలావాడిని జైల్లో వేశానన్నమాట," అంది కూతురు బయటికొచ్చాక.

"పోనీలేవే. శిక్ష కొంత నేనూ అనుభవించానుగా," అంది టీచరమ్మ. తల్లికి పాల ప్యాకెట్, కాఫీ పొడి కొనిచ్చి, ఇంటి దగ్గర దింపి, కూతురు షాపుకు వెళ్లిపోయింది.

అప్పటికే నాలుగు దాటింది. ముందు గది ఖాళీ. ఆయన బడ్డీకి వెళ్లిపోయాడు. ఏడాది పాటు అక్కడి బల్ల, అక్కడి కబుర్లు అలవాటైన మనిషి. మళ్లీ ఇంట్లో కాఫీ తాగుదాం రమ్మంటే వస్తాడా? టీచరమ్మ పాల ప్యాకెట్, కాఫీ పొడి వంటింట్లో పెట్టి, మెల్లగా నడుచుకుంటూ వీధి చివరికి వెళ్లింది.

బడ్డీ దగ్గర కబుర్లేమీ లేవు. మిగతావాళ్లు ఒక బల్ల మీద, ఆయన ఒక్కడే ఇంకో బల్ల మీద. చేతిలో కప్పు. అందులో కాటుకలాంటి నల్ల కాఫీ, పాల చుక్క లేదు.

"ఇదెప్పట్నుంచండీ?"

ఆయన ఉలిక్కిపడి, దొంగసొత్తులా కప్పును పక్కకు జరిపాడు. ఆ తరువాత, ఇక దాచడం దండగనుకున్నట్టు మళ్లీ ముందుకు లాక్కున్నాడు.

"నువ్వు మానేసినప్పట్నుంచీ. రోజుకు నాలుగైదు అవుతున్నాయి. పాలు పోసింది నీ ఎదురుగా కూర్చుని తప్ప తాగబుద్ధి కాలేదు, టీచరమ్మా."

టీచరమ్మ ఆయన మణికట్టు వంక చూసింది. సన్నగా, నరాలు తేలి, వాచీ పట్టీ చివరి రంధ్రంలోకి వచ్చి ఉంది. డెబ్భై మూడేళ్లు. ఈయన ఎముకల్ని ఇంతవరకూ ఎవరూ స్కాన్ తీయలేదు.

"ఆసుపత్రిలో నన్ను కాఫీ తాగమన్నారు," అంది. "పాలు తగ్గించొద్దని కూడా అన్నారు. ఆ మాట మీకూ వర్తిస్తుంది. లేవండి."

ఆయన కప్పును సగంలోనే వదిలేసి లేచాడు. "కొలత గుర్తుందో లేదో," అన్నాడు కాస్త బెరుకుగా.

"తప్పితే ఇంకో కప్పు పెడుదురుగాని," అంది టీచరమ్మ, ఆయన భుజం మీద చెయ్యి వేసి. ఇద్దరూ పడిపోకుండా చూసుకుంటూ, తొందర లేకుండా నడిచారు. సందు మలుపు తిరక్కముందే ఆయన, పొద్దున ఒక గోడ గడియారంలో దొరికిన బల్లి పిల్ల కథ మొదలుపెట్టాడు.