గట్టి పరుపుకు రాసిన వాక్యం

పరుపుల కంపెనీలో ఆమె పని, కొనేవాళ్ళు చదివే నాలుగు ముక్కలు రాయడం. గోదాము పైన కిటికీ లేని గది, ఒక కంప్యూటరు, గోడ అవతల మేనేజర్ దగ్గు. అంతకుముందు ఆ కుర్చీలో ఉన్నాయన ఎదురుచెప్పి ఇంటిదారి పట్టాడు. ఆమెకు ఆ దారీ లేదు, ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది.

మొదట ఆమె నిజమే రాసింది. "గట్టిదనం వేరు, ఆసరా వేరు. ఒళ్ళు ఆనగానే తెలిసేది గట్టిదనం. వెన్ను వంకర పోకుండా నిలిపేది ఆసరా. పక్కకు తిరిగి పడుకునేవాళ్ళకు భుజం, తుంటి కాస్త లోపలికి దిగాలి. దిగకపోతే అక్కడ ఒత్తుకుంటుంది, నడుము కింద ఖాళీ మిగులుతుంది."

"ఇది చదివితే మన గట్టి పరుపు ఎవరు కొంటారమ్మా?" అన్నాడు మేనేజర్. "నచ్చకపోతే ముప్పై రోజుల్లో వెనక్కి ఇచ్చేస్తున్నారు. దానికేదైనా రాయండి."

ఆమె రాసింది. "మొదటి నెల నొప్పిగా ఉంటే భయపడకండి, మీ వెన్ను సర్దుకుంటోందన్నమాట." పాపం, ఎంత అందంగా కుదిరిందో! జనం నెలంతా ఓర్చుకున్నారు, ఆ తర్వాత వెనక్కి ఇవ్వాలన్నా గడువు లేదు. మేనేజర్ మిఠాయి పంచాడు. ఆమె తన వంతు మిఠాయి సొరుగులో పెట్టేసింది.

ఒక మధ్యాహ్నం పిన్ని ఫోన్ చేసింది.

"మీ గట్టి పరుపే కొన్నానే అమ్మలూ! ఇవాళ్టికి ఇరవై ఎనిమిదో రోజు. పొద్దున లేచేసరికి చెయ్యి నాది కానట్టు మొద్దుబారిపోతోంది. అయినా ఫరవాలేదు, సర్దుకుంటోందిగా."

పిన్ని చిన్నప్పటి నుంచీ పక్కకు తిరిగే పడుకుంటుంది. మనిషి చూస్తే ఈనెపుల్ల, ఆ బరువుకి గట్టి పరుపు లోపలికి దిగనే దిగదు.

"వెనక్కి ఇచ్చెయ్ పిన్నీ, ఇవాళే. నీకు మెత్తటిది కావాలి."

"ఇంకో రెండు రోజులు ఓర్చుకోలేనా? ఆ మాట నువ్వే రాశావటగా, మీ అమ్మ చెప్పింది. నువ్వు అబద్ధం రాస్తావా ఏమిటి!"

గోడ అవతల దగ్గు ఆగింది. ఈ మాట ఆయన వింటే రేపు ఈ కుర్చీ ఉండదు. అయినా గొంతు తగ్గించలేదు.

"అబద్ధమే రాశాను పిన్నీ. నొప్పి పుడితే పరుపు నీకు పడలేదని అర్థం. ఇచ్చెయ్."

"అయ్యో, మరి పక్కింటావిడకి, ఎదురింటి అక్కయ్యకి నేనేగా చదివి వినిపించింది! మా అమ్మాయి రాసిందని చెప్పి మరీ కొనిపించాను. వాళ్ళు నాకంటే ముందే కొన్నారు, రెండు నెలలైందే."

"ఇప్పుడు ఎలా ఉన్నారు?"

"ఓర్చుకుంటున్నారమ్మా. నువ్వు రాసిన ఆ మాట కాగితం మీద రాసుకుని, మంచం పక్కన గోడకి అంటించుకున్నారు."