మోగని అలారం

గాజు పని చేసే ఆయన్ని ఆ పరిశోధనశాలలో డైరెక్టరు దగ్గర నుంచి తోటమాలి దాకా అందరూ బాబాయ్ అనే పిలిచేవారు. అక్కడి శాస్త్రవేత్త మేడమ్ నడిపే పరారుణ కాంతి యంత్రానికి కావలసిన గాజు గొట్టాలన్నీ ఆయన చేతి మీదుగా వచ్చినవే.

ఆ వారం మేడమ్ కాళ్లు నేల మీద ఆనలేదు. లోహపు పొడి మీద ఆ కాంతి పడినప్పుడు తెర మీద కనబడిన గీత కార్బన్ మోనాక్సైడ్‌దేనని ఆమె ఏళ్ల తరబడి చెబుతోంది; నమ్మినవాళ్లు తక్కువ. అందుకని బరువైన రకం కార్బన్‌తో తయారైన అదే గ్యాసు తెప్పించింది. గీత ఆమె లెక్కగట్టిన చోటికే దిగింది. పట్టరాని సంతోషంతో బాబాయ్‌ని పిలిచి తెర చూపించింది.

"రెండు గుండ్లు, మధ్యలో స్ప్రింగు అనుకో బాబాయ్. స్ప్రింగు బిగువు మారలేదు. ఒక గుండు బరువెక్కింది, ఊగడం నెమ్మదించింది. మామూలు గ్యాసుకి తెర మీద 2143 అంకె దగ్గరుండే పట్టీ దీనికి 2096 దగ్గరికి జారుతుంది. మన పొడి మీద గీత కూడా అదే లెక్కన జారింది, చూడు!"

"నీ గుండ్లు చల్లగుండ! ఇంతకీ కొత్త గొట్టం కొలతలు ఎప్పుడు తీసుకోమంటావ్?" అన్నాడాయన నవ్వి.

"రేపు నేను క్లాసులో ఉంటా. నువ్వే వచ్చి తీసుకో. విషపు గ్యాసేలే గానీ, గోడ మీద అలారం ఉంది. అది మోగనంత సేపు నీకేం భయం లేదు."

యంత్రానికి తేమ తగలకూడదని ఆ చిన్న గదికి తలుపులు, కిటికీలు బిగించి ఉంచేవారు. మర్నాడు గ్యాసు సీసా నుంచి వచ్చే గొట్టం అతుకులో ఎవరి కంటా పడని బీట నుంచి గ్యాసు కారింది. బాబాయ్‌కి తలనొప్పి వచ్చి ఉంటుంది. అలారం వంక చూసి, ఎండదెబ్బేమో అనుకుని కుర్చీలో కూలబడి ఉంటాడు. క్లాసు నుంచి వచ్చిన మేడమ్ తలుపు తీసేసరికి ఆయన నేల మీద ఉన్నాడు. అలారం పెట్టె మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

ప్రాణం దక్కింది. రక్తంలో ఆ గ్యాసే ఉందని డాక్టర్లు తేల్చారు. మరి అలారం?

అలారాలు చూసే మెకానిక్ వచ్చి గాలిలో కాస్త మామూలు గ్యాసు కలిపి నింపిన సంచీ తగిలించగానే పెట్టె చెవులు చిల్లులు పడేలా అరిచింది. "మిషన్‌కి ఏ లోటూ లేదు మేడమ్. పెద్దాయన బయటెక్కడో పీల్చుంటారు," అన్నాడతను.

ఆఫీసుకి కావలసింది ఆ మాటే. మేడమ్ మాత్రం పెట్టె లోపల ఏముందని అడిగింది.

"పరారుణ కాంతే మేడమ్. లోపలి అరలో ఇదే గ్యాసు నింపుంటుంది. అది పీల్చుకునే కాంతి వచ్చే దారిలో తగ్గితే బయట కూడా గ్యాసున్నట్టు లెక్క."

అంటే ఆ అరలో ఉన్నది మామూలు గ్యాసు. సీసాలో మిగిలిన బరువు గ్యాసును అంతే పాళ్లలో గాలిలో కలిపి ఇంకో సంచీ తగిలించమంది. పెట్టె మీది కొలత ముల్లు వెంట్రుకవాసి కదిలి ఆగింది. ఆ కదలిక కూడా సీసాలో కాస్తో కూస్తో కలిసిన మామూలు గ్యాసుదే. మిగిలినదంతా వేరే గీతల దగ్గర కాంతిని మింగుతోంది. అరలోని గ్యాసుకి ఆ గీతలు పట్టవు. మనిషి నెత్తురుకి మాత్రం రెండూ ఒక్కటే.

మెకానిక్ సంచీని, ఆమెని మార్చి మార్చి చూశాడు. "ఇట్లాంటి గ్యాసు వాడతారని మాకెవరూ చెప్పలేదు మేడమ్."

చెప్పాల్సింది తనే. ఆ సాయంత్రమే జరిగిందంతా రాసి ఆఫీసులో ఇచ్చింది. ఆఫీసు చదివి, గది సీలు వేసి, పొడి మీద గీత సంగతి శాస్త్ర పత్రికకి పంపుకోవచ్చని మాత్రం చెప్పింది. ఆమె పంపలేదు.

ఆసుపత్రి వరండాలో బాబాయ్ కూతురితో కూడా ఏదీ దాచకుండా చెప్పింది. ఆ అమ్మాయి చివరి దాకా విన్నది.

"అంటే ఆ గ్యాసు వేరేగా ఊగుతుందని మీకు ముందే తెలుసా అక్కా?"

"తెలుసమ్మా. నిద్రలో లేపి అడిగినా చెబుతా. ఆ పెట్టె కూడా దాన్నే చూస్తుందని నాకు తట్టలేదు."

"నాన్నకి తట్టే వీలే లేదు కదక్కా."

ఆ అమ్మాయి లేచి గదిలోకి వెళ్లింది. మేడమ్ గుమ్మం దాకా వెంట నడిచింది.

లోపల బాబాయ్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. మంటలో గాజుని వెంట్రుకలా సాగదీసిన ఆ వేళ్లు గ్లాసు పట్టుకోలేక నీళ్లు ఒళ్లో ఒలకబోశాయి. కూతురు తుడుస్తుంటే ఆయన గుమ్మం వైపు చూశాడు.

"ఎవరమ్మా ఆవిడ?"

"ఆఫీసువాళ్లు, నాన్నా," అంది కూతురు, వెనక్కి తిరక్కుండానే.

లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. మేడమ్ తెచ్చిన పళ్ల సంచీ గోడవారన పెట్టి మెట్లు దిగింది.