చేతికివ్వని చెక్కు

ప్రమీల కాకూ వాట్సాప్‌లో పంపిన పాస్‌బుక్ ఫొటోలో ఆమె బొటనవేలు కూడా పడింది. వేలు అడ్డొచ్చిన వరసలో సెప్టెంబరు ఇరవై ఏడు అన్న తేదీ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. మృణ్మయి ఫొటోను పెద్దది చేసి చూసింది. పై వరసలో నిల్వ 1,42,610. కింది వరసలో ముప్పయ్యో తేదీన వడ్డీ 812 జమ, చివరి నిల్వ 1,43,127. వడ్డీ తీసేస్తే 1,42,315. అంటే వేలి కింద పోయింది 295. బ్యాంకు ఛార్జీలే అయ్యుంటాయి.

ఫోన్ చేసి అడిగితే కాకూ పాస్‌బుక్ తీసి చదివి, "అవునే, ఎస్సెమ్మెస్ ఛార్జీలట. వేలు పడిందా? ఈ ఫోన్ పట్టుకోవడం నాకు చేతకాదమ్మా," అంది.

మహారాష్ట్రలోని సాంగ్లీలో వాళ్ళ వీధిలోని ప్రభాత్ మహిళా మండలికి ఒక వంటశాల ఉంది. ఆఫీసులకు, బడులకు భోజనం డబ్బాలు పంపుతారు. దీపావళికి చక్లీ, చివ్డా, శంకర్‌పాళీ లాంటి పిండివంటలు చేసి అమ్ముతారు. వీధంతా పిన్ని వరసలో కాకూ అని పిలిచే ప్రమీల కోశాధికారి. అధ్యక్షురాలు కుముద్ కాకడే, మృణ్మయి అత్తగారు. ఆరు నెలల లెక్క ఆదివారం సభలో చూపించాలి. క్యాష్‌బుక్‌కూ పాస్‌బుక్‌కూ ముప్పై వేల పైచిలుకు తేడా వచ్చిందని కాకూ కంగారుపడుతుంటే కుముద్‌బాయి నవ్వేసింది.

"మా సూన్‌బాయి బీకాం. ఆ చదువుని పెళ్ళైన దగ్గర్నుంచి ఫ్రిజ్‌లో పెట్టుకుంది. ఇవాళ బయటికి తీసి వేడి చేయిద్దాం," అంది నలుగురిలో, కోడల్ని చూపిస్తూ.

భోజనాల బల్ల తుడిచి, క్యాష్‌బుక్ తెరిచి, మృణ్మయి పెన్సిల్‌తో పని మొదలుపెట్టింది. రెండింటిలోనూ ఉన్న ప్రతి మొత్తానికీ అటూ ఇటూ ఒక టిక్కు. టిక్కు పడనివే తేడాకు కారణం. క్యాష్‌బుక్ బ్యాంకు గడిలో నిల్వ 1,12,460. ముప్పయ్యో తేదీ శనివారం సాయంత్రం బడివాళ్ళ చెక్కు 9,800 బ్యాంకు బయటి చెక్కుల డబ్బాలో వేశారు. పుస్తకంలో అదే రోజు జమ రాశారు, బ్యాంకులో ఇంకా పడలేదు. కిరాణా కొట్టుకు ఇచ్చిన 14,350, పిండి గిర్నీకి ఇచ్చిన 3,600 చెక్కులు వాళ్ళింకా బ్యాంకులో వేసుకోలేదు. అలాంటిదే మూడోది, 22,000. హౌసాబాయి పేరు మీద. తేదీ జూలై పద్ధెనిమిది.

మృణ్మయి పెన్సిల్ ఆగింది. కిరాణావాడి చెక్కు వారం కిందటిది. ఇది జూలైది. ఇరవై రెండు వేలు చేతికొస్తే హౌసాబాయి మర్నాడే బ్యాంకు మెట్ల మీద ఉండేది.

హౌసాబాయి పదకొండేళ్ళు ఆ వంటశాలలో బాణలి ముందు నిలబడ్డ మనిషి. జూలై మొదట్లో గ్యాస్ గొట్టం దగ్గర మంట లేచి, కాగుతున్న నూనె కుడిచేతి మీద ఒలికింది. ఆస్పత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగితే, "గొట్టం మార్చమని నెల నుంచీ చెప్తున్నా, మా కుముద్‌బాయి వినలేదు," అంది. ఆయన ఆ మాట కాగితం మీద రాశాడు. వైద్యానికి ఇరవై రెండు వేలు ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. పుండు మానింది కానీ మూడు వేళ్ళు అరచేతికి అతుక్కుపోయాయి. విడదీయాలంటే ఇంకో ఆపరేషన్. దీపావళి దాటితే వేళ్ళు అలాగే బిగిసిపోతాయని డాక్టరు చెప్పాడు.

మృణ్మయి మళ్ళీ కాకూకి ఫోన్ చేసింది.

"నేను రాసి సంతకం పెట్టి మీ అత్తగారికి ఇచ్చానే, రెండో సంతకానికి. ఆ తర్వాత నాకేం తెలుసు?" అంది కాకూ. "నువ్వు పట్టికలో రాసెయ్. తేడా తేలితే చాలు."

బుధవారం హౌసాబాయి ఎప్పటిలాగే పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. చేతికి పాత చీర ముక్క చుట్టుకుంది. రెండో చేత్తో కొత్త పాస్‌బుక్ పట్టుకుంది, ఈ చెక్కు కోసమే తెరిచిన ఖాతా.

"చెక్కు బ్యాంకులో వేశావా మావశీ?" మృణ్మయి అడిగింది. ఆమెను పిన్ని వరస పెట్టి అలాగే పిలుస్తుంది.

"ఏ చెక్కు పోరీ? బ్యాంకులో ఆగిందని చెప్తోందిగా బాయి. కంప్యూటర్ చెడిపోయిందంట. అదేం కంప్యూటరో, నా పేరు వచ్చినప్పుడే చెడుతోంది."

మృణ్మయి లోపలికి వెళ్ళింది. అత్తగారిని ఆమె ఆయీ అని పిలుస్తుంది. కుముద్‌బాయి పొడుగు మెంతికూర కట్ట ముందేసుకుని ఆకు తుంచుతోంది.

"ఆయీ, హౌసా మావశీ చెక్కు ఎక్కడుంది?"

"నా బీరువాలో. ఎక్కడికి పోతుంది?"

"ఆమె గుమ్మంలోనే ఉంది. ఇచ్చెయ్యనా?"

"పదకొండేళ్ళు నా ఉప్పు తిని, ముక్కూ మొహం తెలియని డాక్టరు దగ్గర నా మీద చెప్పింది. సభలో నిలబడి, తప్పు నాదేనని అననీ. ఆ క్షణమే ఇస్తా." ఆమె కాడలు పక్కకు నెట్టింది. "నేనేమన్నా తింటున్నానా? బ్యాంకులోనే ఉందిగా డబ్బు."

"చెక్కుకు మూడు నెలలే గడువు. ఈ నెల పద్ధెనిమిదో తేదీ దాటితే అది చెల్లదు."

"అయితే తొందరగా అనమను."

మృణ్మయి గుమ్మంలోకి వెళ్ళి, "ఆదివారం సభకి రా మావశీ. ఆ రోజు తేలుతుంది," అంది.

"నిజంగా?"

"నిజంగా."

ఆ మధ్యాహ్నం పట్టిక తిరగరాసింది. జారీ చేసిన చెక్కు అంటే అవతలివాళ్ళ చేతికి అందిన చెక్కు. బీరువాలో ఉన్నది రాసిన చెక్కు మాత్రమే. దాన్ని కిరాణా, గిర్నీ చెక్కుల వరసలో పెట్టడం తప్పు. కాలేజీలో ఈ తేడాకే మాస్టారు రెండు మార్కులు కోసేవారు. కాబట్టి దాన్ని వేరుగా, అందరికీ కనపడేలా రాసింది: 'రాసినా గ్రహీతకు ఇవ్వని చెక్కు, హౌసాబాయి, 22,000, అధ్యక్షురాలి వద్ద ఉంది.' నలభై మంది ముందు ఆ వాక్యం చదివాక చెక్కు ఇవ్వకుండా ఎవరైనా ఎలా ఉంటారు? ఆయీకి పరువు ప్రాణం. ఒక వారం ఇంట్లో మాటలుండవు, అంతే కదా అనుకుంది.

ఆదివారం వంటశాల పై గదిలో జంపఖానా పరిచారు. అటుకుల పోహే ప్లేట్లు అందుతున్నాయి. హౌసాబాయి ఇస్త్రీ చీర కట్టుకుని, తలుపు బయట చెప్పుల వరస దగ్గర కూర్చుంది. పాత అలవాటుకొద్దీ ప్లేట్లు అందించబోతే ఎవరో, "నువ్వు కూర్చో బాయీ, ఆ చేత్తో ఎందుకు, తినేవాళ్ళకి ఎలాగో ఉంటుంది," అన్నారు.

మృణ్మయి లేచి పట్టిక చదివింది. క్యాష్‌బుక్ నిల్వ 1,12,460. ఇంకా బ్యాంకుకు రాని చెక్కులు రెండు, కలిపి 17,950. బ్యాంకు ఇచ్చిన వడ్డీ 812. ఇవి కలపాలి. బ్యాంకులో ఇంకా జమ కాని బడి చెక్కు 9,800, ఛార్జీలు 295. ఇవి తీసేయాలి. ఆ తర్వాత గొంతు తగ్గించకుండా ఇవ్వని చెక్కు సంగతి చదివింది. ఆ 22,000 కూడా కలిపితే 1,43,127. పాస్‌బుక్‌లో ఉన్నదీ అదే. రూపాయి తేడా లేదు.

నలభై ముఖాలూ కుముద్‌బాయి వైపు తిరిగాయి. ప్రమీల కాకూ ప్లేటులో వేరుశనగ గింజలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకుంది.

కుముద్‌బాయి కళ్ళజోడు తుడుచుకుంది.

"చూశారా, చదువంటే ఇదీ. మనమైతే మూడు చెక్కులూ ఒకే మూటలో కట్టేసేవాళ్ళం." కోడలి వైపు తిరిగింది. "అమ్మా, మా మట్టిబుర్రలకి అర్థమయ్యేలా చెప్పు. చేతికివ్వని చెక్కు ఖర్చా, కాదా?"

"ఖర్చు కాదు. కానీ..."

"క్యాష్‌బుక్‌లో ఖర్చు రాయడం తప్పే కదా?"

"తప్పే. కానీ తీర్మానం ఉంది. అది మనం ఆమెకి ఇవ్వాల్సిన బాకీ."

"బాకీ ఈ పుస్తకంలో ఎక్కడ రాస్తారు?"

మృణ్మయి పుస్తకం వైపు చూసింది. వచ్చింది ఒక పక్క, పోయింది ఒక పక్క. క్యాష్‌బుక్‌లో బాకీలకు గడి ఉండదు.

"ఇందులో రాయరు," అంది.

"అంతే. తప్పు దిద్దాలి. ఆ ఇరవై రెండు వేలు ఇవాళే వెనక్కి జమ రాద్దాం." కుముద్‌బాయి చేతిసంచీలోంచి చెక్కు తీసింది. నాలుగు మడతలు పెట్టి ఉంది. అందరికీ కనిపించేలా విప్పి, అడ్డంగా రెండు గీతలు గీసి, రద్దు అని రాసింది. "దీపావళి సరుకు మొదలవుతోంది, పిండి కలిపే యంత్రం లేక అందరి భుజాలూ పడిపోతున్నాయని మొన్ననే అన్నారుగా. దేవుడిచ్చినట్టు డబ్బు దొరికింది. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

"మరి హౌసాబాయి?" వెనకనుంచి ఎవరో అడిగారు.

"కొత్తగా అర్జీ పెట్టుకోమనండి. కారణం సరిగ్గా రాసి. మార్చి సభలో చూద్దాం."

ముందు రెండు చేతులు లేచాయి. తర్వాత నాలుగు. ఆ పైన ఎవరూ లెక్కపెట్టలేదు. ప్రమీల కాకూ పక్కవాళ్ళ వైపు చూసి తనూ ఎత్తింది.

"రాయమ్మా," అంది కుముద్‌బాయి పెన్ను అందిస్తూ. "నువ్వే కనిపెట్టావు, నీ చేత్తోనే రాయి. అక్షరం బావుంటుంది."

"నేను రాయను ఆయీ."

"అయితే ప్రమీల రాస్తుంది. కొట్టివేతలతో పుస్తకం పాడుచేస్తుంది. నీ ఇష్టం."

పుస్తకం ప్రమీల కాకూ చేతికి వెళ్ళింది. ఆమె ఇరవై రెండు వేలు, వడ్డీ, ఛార్జీలు రాసి, కూడి, తప్పు కూడి, మళ్ళీ కొట్టేసింది. "ఎంతవుతుందే?" అని మృణ్మయిని దీనంగా అడిగింది. మొత్తం మృణ్మయి నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది.

"1,34,977."

పాస్‌బుక్ నిల్వలోంచి రెండు చెక్కులు తీసేసి, బడి చెక్కు కలిపినా అంతే వస్తుంది. సరిపోయిందనగానే ఎవరో చప్పట్లు కొట్టారు. రెండో విడత పోహే వచ్చింది. దాని మీద కొబ్బరి తక్కువైందని ఒకామె నవ్వింది.

మృణ్మయి చెప్పుల దగ్గరికి వెళ్ళింది. తలుపు అవతల హౌసాబాయికి మాటలు సరిగా వినపడలేదు, వినపడ్డ లెక్కలేమీ అర్థం కాలేదు. చప్పట్లు మాత్రం వింది. మంచి చేత్తో బొడ్లో దోపుకున్న పాస్‌బుక్ తీసి తెరిచింది. మొదటి పేజీలో ఆమె ఫొటో, ఖాతా తెరవడానికి వేసిన ఐదొందలు, ఆ కింద ఖాళీ వరసలు.

"తేలిపోయిందా పోరీ? రేపే వెళ్ళనా బ్యాంకుకి? డాక్టరుతో గురువారం అని చెప్పొచ్చా?"

లోపల్నుంచి కుముద్‌బాయి పిలిచింది. "సూన్‌బాయి, ఒక ప్లేటు హౌసాకి కూడా ఇవ్వు. ఖాళీ కడుపుతో పంపకు."